షావుకారు గారి శిలాఫలకం

మా షావుకారు గారికి రెండు గర్వాలు. ఒకటి, ఆయన భవనంలో ప్రభుత్వ కార్యాలయం అద్దెకుండడం. రెండోది, ఆ భవనం గుమ్మం పక్కన గోడలో బిగించిన నల్లరాతి ఫలకం. ఈ రెండూ కలిసి ఆయన కొంప ముంచాయి. మునుగుతున్నంతసేపూ పక్కనే నిలబడి "ఫర్వాలేదండీ, నేనున్నాను కదా" అని ధైర్యం చెప్పిన ప్లీడర్ని నేనే.

అద్దెకున్న కార్యాలయం ఏదో తూనికలు కొలతల ఆఫీసు కాదు. గిరిజనుల భూముల కోర్టు. మా కొండ ప్రాంతంలో గిరిజనుల భూమిని బయటివాళ్ళు కొనకూడదు, కౌలుకు తీసుకోకూడదు, ఆఖరికి బహుమతిగా ఇచ్చినా పుచ్చుకోకూడదు. పుచ్చుకుంటే ఆ కాగితం చిత్తుకాగితం. ఎన్నేళ్ళు దున్నుకున్నా, ఎంత ఇల్లు కట్టుకున్నా చెల్లదు. ఫిర్యాదు వస్తే స్పెషల్ ఆఫీసరు విచారిస్తారు. రాకపోయినా తమంతట తామే విచారించవచ్చు. చెల్లని కొనుగోలని తేలితే ఉన్నవాణ్ణి ఖాళీ చేయించి, నేలను అమ్మినవాడికో వాడి వారసులకో తిరిగి అప్పగిస్తారు. వాళ్ళు వద్దంటేనో, ఆచూకీ దొరక్కపోతేనో మరో గిరిజనుడికి ఇస్తారు. అంతేగాని కొన్నవాడి చేతిలో మాత్రం ఉంచరు.

ఇంత పని చేసే కోర్టు, బయటివాడైన షావుకారు గారికి నెలనెలా అద్దె కట్టి, ఆయన బిగించిన ఫ్యాన్ల కింద కూర్చుని నడిచేది. ఇందులో వింతేమీ ఎవరికీ కనపడలేదు. చట్టానికి ముందు నుంచీ ఉన్న బయటివాళ్ళ ఇళ్ళు ఊళ్ళో కొన్ని ఉన్నాయి, ఇదీ అలాంటిదే అయ్యుంటుందని అందరూ అనుకునేవారు. అడిగితే కదా తెలిసేది! నేనూ బయటివాణ్ణే. అద్దెంట్లో ఉంటాను. మా ఇంటివాడికి ఆ స్థలం ఎలా వచ్చిందో నేనెప్పుడూ అడగలేదు, మీరూ అడక్కండి.

ఆ ఆఫీసును రోజూ ఊడ్చేది ఒక అవ్వ. గిరిజనురాలు. వెనకవైపు గోడకు చేరవేసిన రేకుల పాకలో ఉండేది. పొద్దున్నే గదులన్నీ ఊడ్చి, బెంచీలు తుడిచి, చివర్లో తడిగుడ్డతో గుమ్మం పక్కనున్న ఫలకాన్ని తళతళలాడేలా తుడిచేది. ఆ తుడిచినందుకు షావుకారు గారు విడిగా ఏమీ ఇచ్చేవారు కాదు. కానీ చాలా మెచ్చుకునేవారు.

"చూశారా ప్లీడరు గారూ, చదువు రాకపోయినా రాయి విలువ తెలుసు దానికి!" అనేవారు.

ఫలకం మీద ఏముందో ఎనిమిదేళ్ళు దాని పక్కనుంచే కోర్టులోకి వెళ్ళిన నేను ఎన్నడూ చదవలేదు. పెద్ద అక్షరాల్లో ఆయన పేరు కనిపిస్తుంది. అది కనపడ్డాక మిగతాది చదవాలని ఎవరికనిపిస్తుంది?

కథంతా జనరేటర్ దగ్గర మొదలైంది. ఆఫీసులో తరచూ కరెంటు పోతోందని, భూముల కేసులు చీకట్లో ఆగిపోతున్నాయని షావుకారు గారికి బెంగ పట్టుకుంది. జనరేటర్ కొన్నారు. పెట్టడానికి చోటు కావాలి. వెనక రేకుల పాక తప్ప చోటు లేదు.

"నెలాఖరుకి ఖాళీ చెయ్యి," అన్నారు అవ్వతో.

"యాడికి పోనయ్యా?"

"కొండంతా మీదేగా! ఎక్కడికైనా పో."

ఈ మాట ఆయన హాస్యానికే అన్నారు. అవ్వ నవ్వలేదు. చీపురు మూలన పెట్టి, ఆ రోజు ఫలకం కూడా తుడవకుండా, తిన్నగా ఆఫీసు టైపిస్టు దగ్గరికి వెళ్ళింది. మా నాన్న పొలం నాకు ఇప్పించండని అర్జీ కొట్టమంది. ఏ పొలమే అని అడిగితే కాలితో నేలను చూపించింది. టైపిస్టు తన కుర్చీ కింద ఏమైనా పడిందేమోనని వంగి చూశాడట.

అర్జీకి అవ్వ తన కుల ధ్రువపత్రం జత చేసింది. అన్న ఎప్పుడో పోయాడు, తండ్రికి మిగిలిన సంతానం తనొక్కతే అని చెప్పింది. సర్వేయరు ఆ నేల సర్వే నంబరు చూసి రాశాడు. అది కార్యాలయం ఉత్తరాల పైభాగాన అచ్చయి ఉండే చిరునామా నంబరే.

స్పెషల్ ఆఫీసరుగా అప్పటికి కొత్తగా ఒకావిడ వచ్చారు. నవ్వరు, కోప్పడరు, టీ కూడా తన ఫ్లాస్కులోదే తాగుతారు. అర్జీ చదివి తల ఎత్తి పైకప్పును ఒకసారి చూశారట. తర్వాత షావుకారు గారిని మొదటి ప్రతివాదిగా, భవనంలో ఉన్నది తామే కనుక తమ కార్యాలయాన్ని రెండో ప్రతివాదిగా చేర్చి నోటీసులిచ్చారు. తన నోటీసు తానే సంతకం చేసి అందుకున్నారు.

షావుకారు గారు ఆ నోటీసు పట్టుకుని మా ఇంటికి పరుగెత్తుకొచ్చారు.

"ఏంటండీ ఇది? నా ఇంట్లో కూర్చుని నాకే నోటీసా?"

"కూర్చోనివ్వండి," అన్నాను. నాకు లోపల భలే సంతోషంగా ఉంది. "న్యాయంగా అయితే ఆవిడ ఈ కేసు వినకూడదు. మీకు అద్దెకున్నవాళ్ళు. మనం అభ్యంతరం చెబితే కేసు ఇంకో అధికారికి పోతుంది."

"చెప్పండి మరి!"

"చెప్పను. ఇంకో అధికారికి ఈ భవనంతో పనేముంది? ఆవిడకైతే ఉంది. మీకు వ్యతిరేకంగా తీర్పిస్తే ముందు రోడ్డున పడేది ఆవిడ బల్లా, కుర్చీ, బీరువాలూ. తన తల మీది కప్పు తానే పీక్కునే ఆఫీసరు ఉంటారా ఎక్కడైనా?"

షావుకారు గారు నోటీసు మడిచి జేబులో పెట్టుకున్నారు. "మీ బుర్రే బుర్ర," అన్నారు. ఆ పొగడ్త నేనింకా దాచుకున్నాను. తర్వాత మళ్ళీ రాలేదు కదా.

విచారణ రోజున అటెండరు గుమ్మంలో నిలబడి పిలవాలి. అవ్వను పిలిచాడు. చీపురు పక్కన పెట్టి వచ్చి నిలబడింది. షావుకారు గారిని పిలిచాడు. ఇస్త్రీ పంచెతో వచ్చారు. తర్వాత గొంతు సవరించుకుని, తను నిలబడ్డ ఆఫీసు పేరునే వీధిలోకి మూడుసార్లు కేకేశాడు. వీధిలోంచి ఎవరూ పలకలేదు.

"హాజరు," అన్నారు ఆఫీసరు గారు తన కుర్చీలోంచి.

నేను నవ్వు ఆపుకోవడానికి ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

ఆవిడ ముందుగా నన్నే అడిగారు. "ఈ కార్యాలయం మీ క్లయింటుకు అద్దెదారు. నేను విచారించడానికి మీకు అభ్యంతరం ఉందా? ఉంటే పై అధికారికి రాసి కేసు బదిలీ కోరతాను."

"అబ్బే, లేదు మేడమ్. తమరి మీద పూర్తి నమ్మకం ఉంది," అని వంగి నమస్కారం పెట్టాను.

"పూర్తి నమ్మకం ఉంది" అన్నది కూడా రాసుకుని నా చేత సంతకం పెట్టించారు. నేను ఎంత ఆనందంగా పెట్టానో! చివర గీత కూడా గీశాను.

ఇలాంటి కేసుల్లో ఒక తిరకాసు ఉంది. బయటివాడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడిదేనని చట్టం ముందే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవలసింది ఉన్నవాడే. అందుకని షావుకారు గారి కోసం మంచి కథ సిద్ధం చేశాను. ఈ స్థలం చట్టం రాకముందే ఒక బయటివ్యక్తి దగ్గర కొన్నాం. ఆ కాగితం చెదలు తినేసింది. అమ్మినాయన చనిపోయాడు, సాక్షులూ చనిపోయారు. చచ్చినవాళ్ళనూ చెదలనూ ఎదురు ప్రశ్నలు అడిగేవాడెవడు?

షావుకారు గారు పాఠం బాగానే అప్పజెప్పారు. మధ్యలో ఉత్సాహం ఎక్కువై, అవ్వ తండ్రి ఎంత మంచివాడో కూడా చెప్పబోయారు. నేను దగ్గాను. ఆగారు.

ఇక అవ్వ వంతు.

"ఈ నేల మీ నాన్నదని ఏం ఆధారం?" అడిగారు ఆఫీసరు గారు.

"మా నాన్న ఇక్కడ జొన్న వేసేవాడమ్మా. నీ కుర్చీ ఉన్న కాడ మంచె ఉండేది. నేను పిట్టల్ని తోలేదాన్ని."

"దానికి కాగితం ఉందా?" అన్నాను నేను లేచి.

"కాగితం లేదు బాబూ. రాయి ఉంది."

"ఏం రాయి?"

"బయట ఉంది కదా. దాని మీద మా నాన్న పేరుంది. చెక్కినప్పుడు చెక్కేవాడు నాకు వేలు పెట్టి చూపించాడు. ఆ పేరు కోసమే రోజూ తుడుస్తాను. ఇంకెక్కడా లేదు గదా మా నాన్న పేరు."

నేను షావుకారు గారి వైపు చూశాను. ఆయన పైకప్పు వైపు చూశారు. ఆఫీసరు గారు లేచారు. ఆవిడ లేస్తే కోర్టంతా లేవాలి. అందరం ఆవిడ వెనకే బయటికి నడిచి ఫలకం ముందు నిలబడ్డాం. ఆవిడ గట్టిగా చదివారు. టైపిస్టు అక్కడే నిలబడి రాసుకున్నాడు.

షావుకారు గారి పేరు, వారి తండ్రి గారి పేరు, తాత గారి పేరు. ఆ తర్వాత చిన్న అక్షరాల్లో, ఈ స్థలాన్ని కొండవాడైన ఫలానా అతని వద్ద ఫలానా సంవత్సరంలో తమ స్వార్జితంతో కొని ఈ భవనాన్ని నిర్మించారని, సూర్యచంద్రులున్నంత కాలం ఇది వారి వంశానిదేనని. ఆ ఫలానా అతను అవ్వ తండ్రి. ఆ ఫలానా సంవత్సరం చట్టం వచ్చిన చాలా ఏళ్ళ తర్వాతది.

నా కాళ్ళ కింద నేల కదిలింది. అవ్వ వాళ్ళ నేలే లెండి.

కాగితం దాచుకున్నవాణ్ణి చూశాను, చించుకున్నవాణ్ణి చూశాను, మింగినవాణ్ణి కూడా ఒకణ్ణి చూశాను. చేసిన తప్పును తేదీతో సహా రాతిలో చెక్కించి, రోజూ తుడిపించుకున్నవాణ్ణి మాత్రం ఈయననే చూశాను. అయినా నేను ప్లీడర్ని. నోరు మూసుకుంటే అన్నం పుట్టదు.

"మేడమ్, చెక్కినవాడు చదువుకోనివాడు. సంవత్సరం, పేరూ పొరపాటుగా చెక్కి ఉంటాడు," అన్నాను.

అంతే, షావుకారు గారికి పౌరుషం పొడుచుకొచ్చింది.

"పొరపాటేంటండీ! ఒక్క అక్షరం తప్పు లేదు! నేను దగ్గరుండి, కుర్చీ వేసుకుని కూర్చుని చెక్కించాను! నలుగురి కళ్ళ ముందు రాయి మీద ఉంటే రేపెవడూ కాదనలేడని చెక్కించాను!"

"రాసుకున్నావా?" అన్నారు ఆఫీసరు గారు టైపిస్టుతో.

"కాదనలేడని వరకూ రాశానండి," అన్నాడు వాడు.

నేను తల పట్టుకున్నాను. షావుకారు గారు మాత్రం ఆపలేదు. "నేనేమన్నా దొంగతనం చేశానా? అడిగినంత ఇచ్చాను. వాళ్ళ నాన్న సంతోషంగా వేలిముద్ర వేశాడు. ఇన్నేళ్ళూ ఒక్కరూ నోరెత్తలేదు. అడగండి దాన్ని!"

"నిజమేనమ్మా," అంది అవ్వ. "మా నాన్న సంతోషంగానే వేశాడు. ఆ ఏడు వానల్లేవు."

ఆఫీసరు గారు ఫలకం వైపే చూస్తూ అన్నారు. "ఆయన ఇష్టపడి అమ్మాడా, బలవంతంగా అమ్మాడా అని ఈ చట్టం అడగదు. ఇన్నేళ్ళు మీ చేతిలో ఉందని మీదైపోదు. అమ్మకం అమ్మిన రోజే చెల్లలేదు."

వారం తర్వాత తీర్పు వచ్చింది. అమ్మకం చెల్లదు. మొదటి ప్రతివాది నేలను ఖాళీ చేయాలి. రెండో ప్రతివాదికి అద్దెకిచ్చే హక్కు మొదటి ప్రతివాదికి ఏనాడూ లేదు గనుక రెండో ప్రతివాదీ ఖాళీ చేయాలి. నేలను అమ్మినవాడి వారసురాలికి అప్పగించాలి. మొత్తం ఒక పేజీ. ఆవిడ తన తల మీది కప్పు పీక్కోవడానికి రెండో పేజీ కూడా పట్టలేదు.

పై అధికారికి అప్పీలు చేసుకోవడానికి రెండు నెలల గడువుంటుంది. నేను రెండో వారంలోనే వేశాను. నా వాదన గట్టిదే. అద్దెదారైన అధికారి ఇంటి యజమాని కేసు వినడం న్యాయ విరుద్ధం, పక్షపాతం, అక్రమం అని అరగంట గొంతు చించుకున్నాను. పై అధికారి ఓపిగ్గా విని, ఫైల్లోంచి ఒక కాగితం తీసి నా ముందుకు జరిపారు.

"ఈ సంతకం మీదేనా?"

నాదే. చివర గీత కూడా నాదే.

"పూర్తి నమ్మకం ఉందన్నారు కదా. నాకూ ఉంది," అని కొట్టేశారు.

అప్పగించే రోజున షావుకారు గారు తన వస్తువులు తాను తీసుకుపోతానన్నారు. సరేనన్నారు ఆఫీసరు గారు. ఆయన జనరేటర్ తీసుకెళ్ళారు, ఫ్యాన్లు తీసుకెళ్ళారు. అక్కసు తీరక తలుపులూ కిటికీ రెక్కలూ కూడా ఊడబీకించారు. ఆఖర్న ఫలకం మీద పలుగు వేయించారు. గోడలోంచి ఊడి వచ్చి చెక్కుచెదరకుండా వెల్లకిలా పడింది. అంత మంచి రాయి మరి. దాన్ని లారీలోకి ఎత్తిస్తుంటే అవ్వ వచ్చి అడ్డంగా నిలబడింది.

"ఇది నాకు వదిలెయ్యండి."

"నా పేరున్న రాయి నీకెందుకే?"

"మా నాన్న పేరు కూడా ఉంది కదయ్యా."

ఆఫీసరు గారు అటు చూసి, ఇటు చూసి, అది కేసులో సాక్ష్యమనీ, అది ఎక్కడికీ కదలకూడదనీ అన్నారు. ఆవిడ పెదవి కొంచెం వంకరపోయినట్టు నాకనిపించింది. నవ్వో కాదో ప్రమాణం చేసి చెప్పలేను. తర్వాత ఆవిడ తన కుర్చీ తానే మోసుకుని అటెండరుతో కలిసి ఊరి చివర కొత్త ఆఫీసుకు నడిచి వెళ్ళిపోయారు. అక్కడ ఫ్యాన్లు లేవు. ఆ భవనం ఎవరిదో ముందే కనుక్కునే చేరారని విన్నాను.

ఇంతటితో కథ అయిపోయిందనుకునేవాళ్ళకు మా వృత్తి తెలియదు. మా దగ్గర తీర్పు అయ్యాకే అసలు పని మొదలవుతుంది. తిరిగి ఇచ్చిన భూముల్లో ఎన్ని ఏడాది తిరక్కుండానే మళ్ళీ పాత చేతుల్లోకి జారాయో నాకు తెలుసు. కొన్నిటిని జార్చినవాణ్ణి నేనే. పట్టా గిరిజనుడి పేరునే ఉంటుంది. సాగు, అద్దె, తాళంచెవి మాత్రం ఇంకొకరివి. అదీ చట్టం ముందు చెల్లదు. కానీ చెల్లదని ఎవరో ఒకరు అడగాలి కదా.

షావుకారు గారు మూడు నెలలు అన్నం సయించక తిరిగి, ఒక ఆలోచనతో వచ్చారు.

"దాని పేరు మీదే ఉండనివ్వండి. నాకేం పేరు పిచ్చి లేదు," అన్నారు. "తలుపులు నేనే పెట్టిస్తాను. ముందు నాలుగు గదుల్లో నేను దుకాణం పెట్టుకుంటాను. దానికి నెలనెలా ఇంత పడేస్తాను. కూర్చుని తింటుంది. ఒక చిన్న కాగితం రాసి వేలిముద్ర వేయించుకు రండి. ఎవరికీ చెప్పొద్దనండి."

కాగితం రాసి జేబులో పెట్టుకుని వెళ్ళాను. తలుపుల్లేని గుమ్మాలకు గోనెపట్టాలు వేలాడుతున్నాయి. పాక తీసేసి, జనరేటర్ పెట్టాలనుకున్న చోట చిక్కుడు పాదు పెట్టింది. కోర్టు హాల్లో రెండు మేకలు కట్టేసి ఉన్నాయి. నేను రోజూ నిలబడి వాదించే చోటే ఒకటి పడుకుని నెమరేస్తోంది. గుమ్మం ముందు కొత్తగా ఒక మెట్టు వేసి ఉంది. నల్లరాయి, అక్షరాలు పైకి. అవ్వ పేర్లున్న వరుసలు చూసి మరీ వేసింది. తండ్రి పేరున్న మూల గోడవారకి, ఎవరి కాలూ పడకుండా ఉంది. మధ్యలో పెద్ద అక్షరాలు. షావుకారు గారి మీద కాలు వేయకుండా లోపలికి వెళ్ళడానికి ఎంత ప్రయత్నించినా కుదరలేదు. నా క్లయింటే కదా అని చెప్పులు విప్పి ఎక్కాను.

అవ్వ నాకు పీట వేసింది. నేను తియ్యగా, నెమ్మదిగా అంతా చెప్పాను. నీ నేల నీదే, నీ పేరు నీదే. వాడుకునేది మాత్రం ఆయన. నువ్వు ఇంక ఎవరి గదులూ ఊడ్చనక్కర్లేదు. గుట్టుగా మన ముగ్గురి మధ్యే ఉంటుంది. అవ్వ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ చివరిదాకా విన్నది.

"మంచిదే బాబూ," అంది.

నేను కాగితం తీశాను, సిరా డబ్బీ తీశాను.

"కాగితం వద్దు. చెదలు తినేస్తాయని మీరే చెప్పారు గదా ఆఫీసరమ్మకి," అంది. "రాయి మీద చెక్కించండి."

"ఏం చెక్కించాలవ్వా?"

"ఇప్పుడు నువ్వు చెప్పిందంతా. నేల ఎవరిదీ, వాడుకునేది ఎవరూ, ఏ సంవత్సరమూ. అయ్య పేరు పెద్దగానే చెక్కించమను, నాకేం? గుమ్మం పక్కన పెట్టుకుందాం. రోజూ నేనే తుడుస్తాను."

ఎగతాళి చేస్తోందేమోనని మొహంలోకి చూశాను. అవ్వ కాయ మీంచి కళ్ళు ఎత్తలేదు. నేను సిరా డబ్బీ మూత పెట్టాను. మళ్ళీ ఆ మెట్టు మీదుగానే దిగి వచ్చేశాను.

వీధి మలుపులో షావుకారు గారు కాచుకుని ఉన్నారు. "ఏమంది? ఒప్పుకుందా?"

"ఒప్పుకుంది."

"వేలిముద్ర ఏదీ?"

"రాయి అడిగింది," అన్నాను. ఆమె చెప్పింది చెప్పినట్టు చెప్పాను.

షావుకారు గారు పంచె అంచు సర్దుకుని, "వద్దులెండి," అన్నారు. ఆయన్ని ఎరిగిన ఇన్నేళ్ళలో తన పేరు రాయి మీద చెక్కిస్తానంటే వద్దన్నది అదొక్కసారే.